శాన్ ఆండ్రియాస్ పాతది ఉంది, డెఫినిటివ్ ఎడిషన్‌కి మళ్ళీ డబ్బులు పెట్టాలా?

పెన్నా_తీరం (తాడిపత్రి)

అన్నలారా, అక్కలారా, ఒక సలహా కావాల. స్టీమ్‌లో నాకు జీటీఏ శాన్ ఆండ్రియాస్ పాతది ఉంది, ఎప్పుడో సేల్‌లో కొన్నది. ఇప్పుడు ట్రయాలజీ డెఫినిటివ్ ఎడిషన్ సేల్‌లో పెట్టినారు, మూడు ఆటలూ కలిపి. వైస్ సిటీ, జీటీఏ 3 నాకు పెద్దగా పట్టవు. శాన్ ఆండ్రియాస్ ఒక్కటే మొదట్నుంచి మళ్ళీ ఆడాలని ఉంది.

పాతది పెడితే బొమ్మ అడ్డంగా సాగదీసినట్లు కనపడతాంది. మెనూలో మౌస్ ఒక్కోసారి కదలదు. ఈత కొట్టిస్తే మనిషి ముందుకే పోడు, నీళ్ళలో నిలబడిపోయినట్లు ఉంటాడు. ల్యాప్‌టాప్ ఐ5, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650, విండోస్ 11. ఉన్న ఆటకే మళ్ళీ దుడ్లు పెట్టడం మేలా, వద్దా?

బురుజు_కర్నూలు (కర్నూలు)

తమ్ముడూ, నువ్వు చెప్పిన మూడు ఇబ్బందుల్లో ఒక్కటి కూడా కొత్త ఎడిషన్ కొంటేనే తీరేది కాదు. ముందు పాతదాన్ని ఒక సాయంత్రం కూర్చుని బాగు చేసుకో. అది బాగైన తర్వాత కూడా ఇంకేం కావాలనిపిస్తుందో, దానికే నువ్వు డబ్బులు ఇస్తున్నట్టు లెక్క. పాడైన కాపీని పక్కన పెట్టుకుని కొత్తదాన్ని చూస్తే ఏ రీమాస్టరైనా గొప్పగానే కనిపిస్తుంది.

ఒక్కోటి చెప్తా. ఈత కదలకపోవడానికి కారణం నీ ల్యాప్‌టాప్ వేగమే. ఆ ఆట సెకనుకు 30 ఫ్రేములకు దగ్గర్లో నడవాలని రాసుకున్నారు. డిస్‌ప్లే సెట్టింగుల్లో Frame Limiter అని ఒకటి ఉంటుంది, నీ దాంట్లో అది Off లో ఉండుంటుంది. ఫ్రేములు 60, 100 దాటితే లోపలి కొన్ని లెక్కలు తప్పుతాయి, ఈత అందరికీ ముందు కనపడేది. దాన్ని On చెయ్యి, అంతే. 60 లోనే ఆడాలంటే ఆ లెక్కలు సరిచేసే మాడ్‌లు ఉన్నాయి, కానీ అవి రెండో అడుగు.

బొమ్మ సాగడానికి కారణం, 2005లో పీసీకి వచ్చినప్పుడు అందరి దగ్గరా ఉన్నది 4:3 మానిటర్లు. దీనికి వైడ్‌స్క్రీన్ ఫిక్స్ అని ఒక ప్లగిన్ ఉంది. మౌస్‌కీ ఇంకా బోలెడు పాత తప్పులకీ సైలెంట్‌ప్యాచ్ ఉంది. రెండూ ఉచితం. రెండూ `.asi` ఫైళ్ళే కాబట్టి వాటిని ఆటలోకి ఎక్కించే ఏఎస్ఐ లోడర్ కూడా ఒకటి పెట్టుకోవాలి. చాలామంది తప్పేది ఇక్కడే. లోడర్ లేకుండా ప్లగిన్ ఫైల్ ఒక్కటే ఫోల్డర్లో వేసి, ఏమీ మారలేదని తీసేస్తారు.

పని మొదలుపెట్టే ముందు ఆట ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి వేరే చోట పెట్టుకో. అదిక్కడ ఉంటుంది:

```
steamapps\common\Grand Theft Auto San Andreas
```

మార్పులన్నీ ఆ కాపీలోనే చెయ్యి. స్టీమ్ లోపలున్న ఫోల్డర్లో చేస్తే, ఎప్పుడైనా ఫైళ్ళను సరిచూసుకునేటప్పుడు స్టీమ్ తనవి మళ్ళీ దింపేసుకుంటుంది, నీ పని పోతుంది.

ఇంకో మాట. స్టీమ్‌లో 2014లో వచ్చిన అప్‌డేట్ కొన్ని పాటల్ని తీసేసింది, మాడ్‌లు కూడా దాంతో సరిగా పొసగవు. ఎక్కువ ప్లగిన్‌లు మొదటి 1.0 వెర్షన్ కోసం రాసినవి. నీ సొంత ఫైళ్ళనే 1.0 కి తిప్పే డౌన్‌గ్రేడర్ పనిముట్లు ఉన్నాయి, నీ కాపీ మీద అది నడుపుకోవచ్చు. అయితే స్టీమ్ వెర్షన్ సేవ్‌లు 1.0 లో తెరుచుకోవు. నువ్వెలాగూ మొదట్నుంచి ఆడతానన్నావు కాబట్టి నీకు అడ్డు లేదు. సేవ్‌లు Documents లో `GTA San Andreas User Files` అనే ఫోల్డర్లో ఉంటాయి, వాటిని కూడా తీసి దాచుకో. తిప్పిన తర్వాత ఆట తెరుచుకోగానే మూతపడితే, అదే ఫోల్డర్లో ఉన్న `gta_sa.set` ఫైల్ తీసెయ్యి. అది సెట్టింగుల ఫైల్. స్టీమ్ వెర్షన్ సెట్టింగులు 1.0 కి ఎక్కక అలా అవుతుంది. ఆట మళ్ళీ తనే రాసుకుంటుంది.

గండికోట_గేమర్ (జమ్మలమడుగు)

అంత తిప్పలెందుకన్నా? పీసీలో రీమాస్టర్ వస్తే పాతది ఉన్నోళ్ళకి ఫ్రీగా ఇస్తారు కదా. స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ అట్లనే ఇచ్చినారు, మాఫియా 2 డెఫినిటివ్ కూడా నా లైబ్రరీలోకి దానంతటదే వచ్చేసింది. తమ్ముడు స్టీమ్ సపోర్ట్‌కి రాస్తే చాలు.

ఇంకోటి. విండోస్ 11 లో పాత శాన్ ఆండ్రియాస్ ఇంక పనికి రాదు. 24H2 అప్‌డేట్ తర్వాత స్కిమ్మర్ విమానమే కనపడకుండా పోయింది. మైక్రోసాఫ్ట్ వాళ్ళు పాత ఆటల్ని చెడగొట్టేసినారు. ఆ లెక్కన కొత్తది కొనక తప్పదు.

బురుజు_కర్నూలు (కర్నూలు)

నువ్వు చెప్పిన రెండు ఉదాహరణలూ నిజమే, కానీ అది రూలు కాదు, ఆ కంపెనీలు ఆ ఆటకి తీసుకున్న నిర్ణయం. స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ 2016 అక్టోబరులో ఉచితంగా వచ్చింది పీసీలో మాత్రమే. అది కూడా అసలు ఆటతోపాటు మూడు అదనపు ప్యాక్‌లూ ఉన్నవాళ్ళకి, లేదా లెజెండరీ ఎడిషన్ ఉన్నవాళ్ళకి. ఉత్త ఆట ఒక్కటే కొన్నవాళ్ళకి రాలేదు. మాఫియా 2 డెఫినిటివ్ 2020 మేలో పాతవాళ్ళకి ఉచితమే. కానీ అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన మొదటి మాఫియా డెఫినిటివ్ మళ్ళీ మొదట్నుంచి కట్టిన ఆట, దానికి 2002 నాటి ఆట ఉన్నా పూర్తి ధరే. పేరు చివర ఒకటే మాట ఉన్నా లోపల ఉన్నవి రెండు వేరు సరుకులు. డార్క్ సోల్స్ రీమాస్టర్డ్‌కి 2018లో పీసీ పాతవాళ్ళకి సగం ధర తగ్గించారు.

జీటీఏ ట్రయాలజీకి స్టీమ్ పాతవాళ్ళకి అలాంటి హక్కేమీ లేదు. సపోర్ట్‌కి రాసి ప్రయోజనం లేదు.

ఇక స్కిమ్మర్ సంగతి. అది కనపడకపోవడం నిజం, నింద మాత్రం తప్పు చోట వేశావు. తప్పు ఆటలోనే ఉంది, 2004 నుంచీ ఉంది. వాహనాల వివరాలన్నీ `vehicles.ide` అనే ఫైల్లో ఒక్కో వాహనానికి ఒక్కో వరుసగా రాసి ఉంటాయి. వైస్ సిటీలో స్కిమ్మర్‌ని పడవగా లెక్కేశారు, పడవకి చక్రాల కొలత అక్కర్లేదు. శాన్ ఆండ్రియాస్‌లో దాన్ని విమానంగా మార్చారు గానీ ఆ వరుసలో చక్రాల కొలతలు రాయడం మరిచారు. ఆట ఆ కొలత చదవబోయి, అక్కడేమీ లేకపోతే, మెమరీలో ముందు వాహనం నుంచి మిగిలిపోయిన అంకెనే వాడుకునేది. ఇన్నేళ్ళూ ఆ మిగిలిన అంకె అదృష్టం కొద్దీ సరిపోయింది. 24H2లో విండోస్ లోపలి ఒక ఫంక్షన్ మెమరీని కొంచెం ఎక్కువ వాడటం మొదలుపెట్టేసరికి ఆ అంకె చెరిగిపోయి ఏదో చెత్త వచ్చింది. దాంతో విమానం కొలతలు అంతు లేకుండా పెరిగి, రేవులో దిగాల్సింది ఎక్కడో ఆకాశంలోకి పోతోంది. సైలెంట్‌ప్యాచ్ కొత్త వెర్షన్ దీన్ని సరిచేస్తుంది. ఫైల్లో ఒక వరుస సరిచేస్తే పోయేదాని కోసం ఎవరూ మూడు ఆటల ధర పెట్టక్కర్లేదు.

కడప_సుధ (కడప)

బురుజు అన్న చెప్పిన రిపేరు పద్ధతి సరైనదే. కానీ అన్న మాటల్లో డెఫినిటివ్‌లో ఏమీ లేదన్నట్టు వినిపిస్తోంది, అది నేను ఒప్పుకోను. దానిలో ఏముందో కూడా చెప్పాలి కదా.

పాతదాంట్లో మిషన్ మధ్యలో చనిపోతేనో పట్టుబడితేనో ఆసుపత్రి దగ్గరో పోలీస్ స్టేషన్ దగ్గరో లేచి, తుపాకులు పోగొట్టుకుని, మళ్ళీ మిషన్ మొదలయ్యే చోటికి బండి తోలుకుంటూ పోవాలి. డెఫినిటివ్‌లో ఓడిన వెంటనే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. తుపాకులు మార్చుకోవడానికి జీటీఏ 5 లో లాగా చక్రం వస్తుంది. మ్యాప్‌లో గుర్తు పెడితే దారి చూపిస్తుంది. కంట్రోలర్‌తో గురిపెట్టడం కూడా ఈ కాలం పద్ధతిలో ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూ రాత్రి ఒక గంట ఆడుకునేవాళ్ళకి వీటి విలువ చిన్నది కాదు. ఆ గంటలో ఇరవై నిమిషాలు రోడ్డు మీదే పోతే ఆటలో ముందుకు పోయేది ఎప్పుడు? ఇవన్నీ పాతదాంట్లో మాడ్‌లతో కొంతవరకు తెచ్చుకోవచ్చు, కానీ నాలుగైదు మాడ్‌లు కలిపితే ఒకదానితో ఒకటి పొసగక ఆట మధ్యలో మూతపడటం మొదలవుతుంది.

2021 నవంబరు 11న వచ్చినప్పుడు అది ఘోరంగానే ఉంది. వాన పడితే తెర నిండా తెల్లటి గీతలు తప్ప దారి కనపడేది కాదు. మనుషుల ముఖాలు బొమ్మల్లా ఉండేవి, దుకాణాల బోర్డుల మీద అక్షరాలు తప్పుగా ఉండేవి. అందులో ఉండకూడని ఫైళ్ళు ఉన్నాయని పీసీ వెర్షన్‌ని కొన్నాళ్ళు అమ్మకం నుంచి తీసేశారు కూడా. రాక్‌స్టార్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఇప్పటిది ఆ ఆట కాదు. 2024 నవంబరులో వచ్చిన పెద్ద అప్‌డేట్‌లో క్లాసిక్ లైటింగ్ అనే ఎంపిక ఇచ్చారు. అంతకు ఏడాది ముందు నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఫోన్లకి వచ్చిన దాంట్లో ఉన్నది అదే. లాస్ శాంటోస్ మీద సాయంత్రం కమ్ముకునే ఆ నారింజ రంగు మసక మళ్ళీ వచ్చింది. 2021 నాటి వీడియోలు చూసి నిర్ణయం చేసుకోకండి. వీడియో తేదీ ముందు చూడండి.

బురుజు_కర్నూలు (కర్నూలు)

సుధా, లైటింగ్ విషయం ఒప్పుకుంటాను. మిషన్ మళ్ళీ మొదలుపెట్టుకోవడం నిజంగా డబ్బు పెట్టదగ్గదే. నేను అనేది ఒక్కటే, ఆ ఒక్కదానికే డబ్బు ఇస్తున్నామని తెలిసి ఇవ్వాలి.

ఎందుకంటే దీన్ని కొత్తగా కట్టిన ఆట అనుకుని కొనేవాళ్ళు ఉన్నారు. అన్‌రియల్ ఇంజన్ 4 అనగానే అన్నీ కొత్తవనుకుంటారు. ఆ ఇంజన్ చేసేది బొమ్మ గీయడం. కింద మిషన్లు నడిపేది, బండ్లు తిప్పేది, పోలీసుల్ని పంపేది పాత ఆట తర్కమే. అందుకే మిషన్లలో మాటలు, మలుపులు అన్నీ అవే ఉంటాయి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆబ్లివియన్ రీమాస్టర్డ్ కూడా ఇదే పద్ధతి, పాత ఇంజన్ లోపల నడుస్తుంటే అన్‌రియల్ 5 పైన బొమ్మ గీస్తుంది. రెసిడెంట్ ఈవిల్ 4 రీమేక్ లాంటిదైతే వేరు, అక్కడ అడుగు వేసే తీరు దగ్గర్నుంచీ మారిపోయింది. అది రెండో ఆట కొన్నట్టే. పాతది ఎంత బాగు చేసినా అది అవ్వదు.

ఇంకో ఇబ్బంది. పాత ఆటలో దూరం మంచుతో మూసి ఉండేది. డెఫినిటివ్‌లో మొదట ఆ మంచు తీసేసరికి ఊళ్ళో నిలబడితే చిలియాడ్ కొండ కనపడి, దేశమంత అనుకున్న మ్యాప్ చిన్నదైపోయింది. క్లాసిక్ లైటింగ్ దీన్ని చాలావరకు సరిచేసింది. పూర్తిగా చేసిందా అంటే నా కంటికి లేదు.

కడప_సుధ (కడప)

అది కంటి విషయం అన్నా, మనిద్దరికీ ఎప్పటికీ కుదరదు. నాకు దూరం కనపడటమే బాగుంటుంది, హెలికాప్టర్‌లో పోయేటప్పుడు మరీ.

పెన్నా తమ్ముడూ, ఒకటి అడగాలి. నువ్వు ఒక్కడివే ఆడతావా, ఎంటీఏ లాంటి మల్టీప్లేయర్ సర్వర్లలో స్నేహితులతో ఆడతావా? అవి పాత శాన్ ఆండ్రియాస్ మీదే నడుస్తాయి. డెఫినిటివ్ కొన్నా వాటికి పనికి రాదు. సర్వర్ల కోసమే అయితే ఈ చర్చ ఇక్కడే ఆపెయ్యొచ్చు.

పెన్నా_తీరం (తాడిపత్రి)

ఒక్కడినే అక్కా. కథ ఆడాలనే.

Frame Limiter ఆన్ చేస్తే ఈత సరైపోయిందన్నా, శానా థ్యాంక్స్. మిగతావి రేపు చూస్తా. స్టీమ్‌లో రెండు గంటల లోపల రిఫండ్ ఇస్తారంట కదా? కొనేసి, ఆడి చూసి, నచ్చకపోతే తిరిగి ఇచ్చేస్తే సరిపోదా?

ఆదోని_పాడ్ (ఆదోని)

మా ఇంట్లో కూడా ఇదే గొడవ. పీఎస్4 ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 డిస్క్ ఉంది. పీఎస్5 డిజిటల్ ఎడిషన్ తీసుకుందామనుకుంటున్నాం. పది డాలర్లకి రీమాస్టర్డ్‌కి మార్చుకోవచ్చని విన్నా. డిస్క్ అమ్మేసి ఆ డబ్బుతో అప్‌గ్రేడ్ కొంటే నాకేమీ పడదు కదా?

బురుజు_కర్నూలు (కర్నూలు)

ఆదోని మిత్రమా, డిస్క్ అమ్మకండి, డిజిటల్ మెషిన్ కొనకండి. కనీసం ఈ రెండూ కలిపి చెయ్యకండి. ఆ పది డాలర్ల అప్‌గ్రేడ్ డిస్క్ ఉన్నవాళ్ళకి ఎలా పనిచేస్తుందంటే, కొనేటప్పుడు డిస్క్ మెషిన్‌లో ఉండాలి, తర్వాత ఆడే ప్రతిసారీ కూడా ఉండాలి. ఆట డౌన్‌లోడ్ అయ్యి స్టోరేజీలోనే ఉన్నా, మీ హక్కుకి రుజువు ఆ డిస్కే. డిస్క్ పెట్టే చోటే లేని మెషిన్‌లో ఆ ఆఫర్ మీకు కనపడదు.

అదే వరుసలో ఇంకోటి కూడా గమనించండి. పార్ట్ 2 రీమాస్టర్డ్ 2024 జనవరిలో పది డాలర్లకి ఇచ్చారు. పార్ట్ 1 పేరుతో 2022 సెప్టెంబరులో వచ్చిన రీమేక్‌కి మాత్రం పాతవాళ్ళకి ఏ తగ్గింపూ లేదు, అందరికీ డెబ్బై డాలర్లే. పైగా 2013 ఆటతో వచ్చిన మల్టీప్లేయర్ అందులో లేదు. ఒకే కంపెనీ, ఒకే వరుస ఆటలు, రెండు పద్ధతులు. అందుకే పోయినసారి ఇచ్చారు కాబట్టి ఈసారీ ఇస్తారనే లెక్క పనికిరాదు.

పెన్నా తమ్ముడికి రిఫండ్ గురించి సుధ చెప్తే బాగుంటుంది.

కడప_సుధ (కడప)

చెప్తాను. స్టీమ్ పద్ధతి: కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటల లోపు ఉంటే అడగొచ్చు. కానీ ఆ రెండు గంటలు ఎలా లెక్కపెడతారో తెలియక చాలామంది పోగొట్టుకుంటారు.

మొదటిది, బండిల్‌గా కొంటే బండిల్‌లోని ఆటలన్నిట్లో ఆడిన సమయం కలిపి లెక్కేస్తారు. తమ్ముడు ముందు వైస్ సిటీ ఎలా ఉందో చూద్దామని గంట ఆడి, తర్వాత శాన్ ఆండ్రియాస్ గంటా పావు ఆడితే అయిపోయింది. కొన్న రోజు శాన్ ఆండ్రియాస్ తప్ప మిగతా రెండూ ఇన్‌స్టాల్ కూడా చెయ్యొద్దు.

రెండోది, స్టీమ్ గడియారం నువ్వు ఆడుతున్నావా లేదా చూడదు, ప్రోగ్రామ్ తెరిచి ఉందా లేదా మాత్రమే చూస్తుంది. రాక్‌స్టార్ లాంచర్ తెరుచుకుని, తనను తాను అప్‌డేట్ చేసుకుని, ఖాతా పాస్‌వర్డ్ అడిగి, ఈమెయిల్‌కి కోడ్ పంపి, ఇదంతా అయ్యేసరికి పోయే నిమిషాలు నీ ఖాతాలోవే. రాక్‌స్టార్ ఖాతా ముందే బ్రౌజర్లో చేసిపెట్టుకో. స్టీమ్ లోపల జరిగే డౌన్‌లోడ్ మాత్రం లెక్కలోకి రాదు.

దీనికి అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన ఉదాహరణ లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీ పోర్ట్. 2023 మార్చి 28న వచ్చినప్పుడు అది మెనూలో కూర్చుని షేడర్లు తయారుచేసుకునేది. కొందరి మెషిన్లలో అరగంట, పాత ప్రాసెసర్ల మీద గంట పైనే. ఆ పని ప్రాసెసర్ అన్ని కోర్లనీ నిండుగా వాడుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన కడపలో మధ్యాహ్నం పూట మిద్దె గదిలో ల్యాప్‌టాప్ పెట్టి ఆ పని చేయిస్తే, అది వేడెక్కి తనే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా ఆలస్యమవుతుంది. ఆట ఒక్క అడుగు కూడా వెయ్యకుండానే రిఫండ్ సమయంలో సగం కరిగిపోతుంది. తర్వాతి ప్యాచ్‌లతో మెరుగైంది గానీ, ఏ పెద్ద పోర్ట్‌కైనా మొదటిసారి తెరిచేది చల్లటి పూట పెట్టుకోండి, తెరిచిన సమయం రాసుకోండి.

డెఫినిటివ్‌లో షేడర్ల బాధ అంత లేదు. నీ జీటీఎక్స్ 1650 సరిపోతుంది. 8 జీబీ ర్యామ్ అంచున ఉంటుంది, వెనక బ్రౌజర్ మూసెయ్యి. హార్డ్ డిస్క్ అయితే వేగంగా బండి తోలేటప్పుడు ఆగి ఆగి వస్తుంది, ఎస్ఎస్డీ మీదే పెట్టు.

ఆ సమయంలో ఏం చూడాలో కూడా అనుకుని కూర్చోవాలి. స్టీమ్ సెట్టింగుల్లో ఎఫ్‌పీఎస్ అంకె తెర మూలన కనపడేలా పెట్టుకో. ఆటలో గ్రాఫిక్స్ సరిచేసుకుని, క్లాసిక్ లైటింగ్ ఆన్ చెయ్యి. మొదటి సన్నివేశం అయ్యాక ఆట నీ చేతికి వస్తుంది. అప్పుడు రాత్రి పూట బండి తోలుతూ ఈ చీట్ కొట్టు:

```
AUIFRVQS
```

వాన మొదలవుతుంది. వచ్చినప్పుడు ఎక్కువ తిట్లు పడింది వానలోనే, నీ కార్డు ఎక్కువ కష్టపడేదీ అప్పుడే. వానలో, రాత్రిలో, ట్రాఫిక్ మధ్య అంకె నిలకడగా ఉంటే మిగతా ఆట గురించి భయపడక్కర్లేదు. తర్వాత చీట్ లేని సేవ్ నుంచి ఒకట్రెండు మిషన్లు ఆడి, కావాలనే ఒకటి ఓడిపోయి చూడు. వెంటనే మళ్ళీ మొదలుపెట్టుకోవడం నీకు ఎంత విలువో అక్కడ తెలుస్తుంది. గంటన్నర దగ్గర ఆట పూర్తిగా మూసేసి నిర్ణయం చెయ్యి. మిగిలిన అరగంట ఏదైనా లెక్క తేడా వస్తే అడ్డు.

డబ్బు వెనక్కి వచ్చేటప్పుడు కొన్ని చెల్లింపు పద్ధతులకి నేరుగా బ్యాంకుకి వెయ్యలేరు, స్టీమ్ వాలెట్‌లోకి వస్తుంది. ఆ డబ్బు స్టీమ్‌లోనే ఖర్చు పెట్టాలి.

గండికోట_గేమర్ (జమ్మలమడుగు)

ప్లేస్టేషన్‌లో కూడా అంతే కదక్కా, రెండు గంటలు?

కడప_సుధ (కడప)

కాదు. అక్కడ ఆడిన గంటల లెక్కే లేదు. 14 రోజుల్లోపు అడగొచ్చు, కానీ డౌన్‌లోడ్ మొదలవ్వకూడదు. మొదలైతే, ఆటలో లోపం ఉంటే తప్ప ఇవ్వరు. ఫోన్లో యాప్ నుంచి కొనేటప్పుడు కన్సోల్‌కి డౌన్‌లోడ్ పంపు అనేది నొక్కితే, ఇంట్లో మెషిన్ అంతలోకే పని మొదలుపెట్టేస్తుంది. అనుమానం ఉన్న కొనుగోలుకి దాన్ని ముట్టుకోవద్దు. అక్కడ కొని, ఆడి చూసి నిర్ణయించడం అనేది లేదు, ముందే తేల్చుకోవాలి.

యాడికి_నెట్ (యాడికి)

మా ఊర్లో నెట్ సెంటర్ నాటి డీవీడీ ఒకటి నా దగ్గర ఉంది, శాన్ ఆండ్రియాస్, వైస్ సిటీ రెండూ ఒకే డిస్క్‌లో. అది చూపిస్తే పాతది ఉన్నట్టు లెక్క కాదా? లేదంటే పాతది ఎవరైనా లింకు పెట్టండి.

నిర్వాహకులు

లింకులు ఇక్కడ పెట్టకూడదు, దయచేసి అడగొద్దు. రెండు ఆటలు ఒకే డిస్క్‌లో ఉన్న ఆ డీవీడీలు కంపెనీ అమ్మినవి కావు, ఏ ఆఫర్‌కీ పనికి రావు.

బురుజు_కర్నూలు (కర్నూలు)

పాతది న్యాయంగా లేనివాళ్ళకి ఈ లెక్క మారిపోతుంది, అది చెప్పాలి. 2021 అక్టోబరులోనే పాత మూడు ఆటల్నీ డిజిటల్ దుకాణాల నుంచి తీసేశారు. అంతకు ముందు కొన్నవాళ్ళ లైబ్రరీలో ఉన్నవి ఉన్నాయి, దింపుకోవచ్చు. గొడవ పెద్దదయ్యాక, రాక్‌స్టార్ సొంత స్టోర్‌లో 2022 జూన్ నెలాఖరు లోపు డెఫినిటివ్ కొన్నవాళ్ళకి పాతవి కూడా ఉచితంగా ఇచ్చారు. అప్పట్లో అక్కడ కొని మరిచిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే ఖాతా తెరిచి చూసుకోండి. పాత కాపీ లేనివాళ్ళకి డెఫినిటివ్ మళ్ళీ కొనడం కాదు, మొదటిసారి కొనడం. వాళ్ళకి నేను వద్దనను.

ఉన్నవాళ్ళు మాత్రం ఆ పాత కాపీని జాగ్రత్త చేసుకోవాలి. కొత్త ఎడిషన్ కొన్నా పాతది తీసెయ్యకండి. వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్‌డ్ 2020లో వచ్చినప్పుడు కొననివాళ్ళ పాత ఆటని కూడా అదే అప్‌డేట్ మార్చేసింది. స్కైరిమ్‌కి 2021 నవంబరులో యానివర్సరీ ఎడిషన్ వచ్చినప్పుడు, దాన్ని కొననివాళ్ళ మాడ్‌లు కూడా చాలా ఆగిపోయాయి, ఎందుకంటే ఆట ఫైలే మారింది. ఫోల్డర్ కాపీ బయట పెట్టుకోమని నేను మొదట చెప్పింది అందుకు కూడా.

తమ్ముడి లెక్క ఇలా వేసి చూద్దాం. సేల్ ధర ఉజ్జాయింపుగా 2,000 రూపాయలు అనుకుందాం. మూడు ఆటలూ ఆడేవాడికి ఒక్కోటి 670 దగ్గర పడుతుంది. తమ్ముడు ఆడేది ఒక్కటే కాబట్టి 2,000 మొత్తం దాని మీదే పడుతుంది. పాతది బాగు చేశాక మిగిలే తేడా మిషన్ మళ్ళీ మొదలుపెట్టుకోవడం, తుపాకుల చక్రం, మ్యాప్‌లో దారి, కొత్త వెలుగు. ఇవి 2,000 విలువ చేస్తాయా అనేదే ప్రశ్న. నాకైతే చెయ్యవు.

కడప_సుధ (కడప)

నాకు చేస్తాయి. అన్న లెక్కలో ఒకటి తక్కువైంది. డౌన్‌గ్రేడ్ చేసి, లోడర్ పెట్టి, నాలుగు ప్లగిన్‌లు కుదుర్చుకునే సాయంత్రానికి కూడా విలువ కట్టాలి. ఆ పని ఇష్టమైనవాళ్ళకి అదొక సరదా. ఇష్టం లేనివాళ్ళకి ఖర్చు.

పెన్నా_తీరం (తాడిపత్రి)

సైలెంట్‌ప్యాచ్, వైడ్‌స్క్రీన్ ఫిక్స్ రెండూ పెట్టినా. బొమ్మ సరైంది, మౌస్ కదులుతాంది. కానీ మ్యాప్‌లో దారి లేకపోవడం ఇప్పుడు బాగా తెలుస్తాంది, కొత్త ఆటలకి అలవాటు పడినాం కదా. దానికొక్కదానికి మాడ్ దొరుకుతుందా అన్నా? దొరికితే కొనను. అది కూడా కుదరకపోతే వచ్చే సేల్‌లో సుధక్క చెప్పినట్లు వాన పరీక్ష పెట్టి చూస్తా.

బురుజు_కర్నూలు (కర్నూలు)

ఉన్నాయి, దారి గీసేవి ఒకటి కంటే ఎక్కువే. 1.0 మీద పనిచేసేది చూసుకో. ఒక్కో మాడ్ పెట్టాక ఆట తెరిచి పది నిమిషాలు ఆడి, తర్వాతే ఇంకోటి పెట్టు. అన్నీ ఒకేసారి పెడితే ఏది చెడగొట్టిందో పట్టుకోలేవు.

ఆదోని_పాడ్ (ఆదోని)

బురుజు అన్నా, నా డిస్క్ సంగతి. డిజిటల్ మెషిన్ కొని తర్వాత డిస్క్ డ్రైవ్ విడిగా తగిలించుకుంటే?

బురుజు_కర్నూలు (కర్నూలు)

ఏ మెషిన్ అన్నదాన్ని బట్టి. 2023లో వచ్చిన సన్న మోడల్ డిజిటల్‌కి, ప్రోకి ఆ డ్రైవ్ తగులుతుంది. 2020 నాటి లావు డిజిటల్ మోడల్‌కి తగలదు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్ళు ఇది చూసుకోవాలి, బయట తక్కువకి దొరికేది ఎక్కువగా ఆ పాతదే. డ్రైవ్ తగిలించాక మొదటిసారి ఇంటర్నెట్‌లో జత కలపాలి, అది అయ్యాకే డిస్క్ చదువుతుంది. డ్రైవ్ ధర కూడా కలిపితే డిస్క్ ఉన్న మెషిన్ ధరకి దగ్గరకే వస్తారు, కాబట్టి మీ దగ్గర ఇంకెన్ని పీఎస్4 డిస్కులు ఉన్నాయో లెక్కపెట్టి చెప్పండి.